మంద కట్టిన చోటి మట్టి

మా ముత్యం బావ మట్టిని పిడికిట్లోకి తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకునేవాడు. కాసేపటికి కళ్ళు తెరిచి "దీనికి డీఏపీ కావాలె" అనేవాడు. ఏ చేను మట్టి వాసన చూసినా ఆయన నోట వచ్చేది ఆ మాటే. ఇచ్చోడ దగ్గర మా ఊళ్ళో ఆయనకు ఆరెకరాల నల్లరేగడి ఉండేది. ఏటా పత్తే. ఎకరానికి రెండు బస్తాల డీఏపీ వేయనిదే ఆయనకు నిద్ర పట్టేది కాదు. అయినా రెండేళ్ళు వరసగా ఆకులు చిన్నబోయి, వాటి ఈనెల మధ్య పసుపెక్కి, దిగుబడి పడిపోయింది. ఇంకో ఏడు పత్తి అట్లాగే పోతే చేను కౌలుకిచ్చి కూలికి పోవడమే దారి. ఆ మాట ఆయన తన భార్య, మా కోమలక్కతో అనలేదు, నాతో అన్నాడు.

బావ కూతురు వందన జగిత్యాలలో వ్యవసాయం చదువుతోంది. ఆ ఎండాకాలం, పత్తికట్టె పీకి చేను ఖాళీ అయిన రోజుల్లో, ఆమె దగ్గరనుంచి పోస్టులో ఉత్తరం వచ్చింది. బావ కవరు నా చేతిలో పెట్టాడు.

"సదువు బామ్మర్దీ. ఫోన్ల చెప్పచ్చు గదా, ఈ పోస్టు ఎందుకట?"

జవాబు ఉత్తరం మొదట్లోనే ఉంది.

"బాపూ, ఫోన్ల చెప్తే సగంల కట్ చేస్తవ్. అందుకే రాస్తున్న. మామతోని మొత్తం సదివించుకో. అవ్వ కూరల ఉప్పు చూడకుండ మల్ల ఉప్పేస్తదా? మన చేన్ల ఏముందో చూడకుండ మనం ఏటా డీఏపీ పోస్తున్నం. మన రేగడిల సున్నం ఉంటది. పత్తి తాగంగ మిగిలిన డీఏపీల భాస్వరం ఆ సున్నంతోని గట్టిపడి భూమిలనే కూసుంటది. మల్లేడు దాని మీద మల్ల పోస్తం. పైసలు వోసి కొన్నది కాళ్ళ కింద పాతిపెట్టినట్టే గదా. భాస్వరం మరీ ఎక్కువైతే చెట్టుకు జింకు అందది. ఆకు పసుపెక్కుడు దానివల్ల కావచ్చు. పరీక్ష చేస్తే ఏది ఉన్నది, ఏది లేదు తెలుస్తది. ఉన్నదాన్ని తక్కువ కొంటం, లేనిదాన్నే కొంటం. చేనంత వంకరటింకరగా తిరుక్కుంట పది జాగల్ల, జానెడు లోతు గుంట తవ్వి, పక్కనుంచి మట్టి చెక్కాలె. గట్టు మీద, చెట్టు కింద, పెంటకుప్ప పోసిన కాడ తీయద్దు. అన్నీ కలిపి నీడల ఆరబెట్టి అర్ధకిలో పంపు."

నేను చదువుతున్నంతసేపు బావ బీడీ వెలిగించలేదు. చివరికి, "నా చేను నాకు ఎరుక లేదనా?" అన్నాడు. లోపలినుంచి అక్క, "ఎరుకుంటే ఆకులెందుకు పసుపాయె?" అంది. మర్నాడు పొద్దున బావ ఒక్కడే పార పట్టుకుని చేనికి పోయాడు. మట్టిని సంచిలో మూటకట్టి, జగిత్యాల పోయే పిల్లవాడితో పంపాడు.

పరీక్ష కాగితం వచ్చింది. నత్రజని ఎక్కువ, భాస్వరం చాలా ఎక్కువ, పొటాష్ ఎక్కువ, జింకు కూడా సరిపోను ఉంది. బావ ఆ కాగితం పట్టుకుని చాయ్ హోటల్లో అందరికీ చూపించాడు.

"ఈసారి ఎరువుల సేటు నా మొఖం జూడడు. ఒక్క గింజ ఎరువు గూడ కొన!"

పక్కచేను రాయమల్లు నవ్వాడు. "కాకా, పత్తి ఎండితే గా కాగితమే ఏరుకుంటవా?"

ఆ సాయంత్రం వందన ఫోన్ చేసింది. బావ స్పీకర్ పెట్టాడు.

"బాపూ, మన వాన చేన్ల నత్రజని గంత ఎట్లుంటది? నిజం చెప్పు, మట్టి యాడ తీసినవ్?"

"చేన్లనే."

"చేన్ల యాడ?"

బావ నా వైపు చూశాడు, తర్వాత నేల వైపు. "గొర్ల మంద కట్టించిన కాడ."

నాకు అర్థమైంది. గొర్రెల ఎరువు కోసం గొల్లవాళ్ళకు బియ్యమిచ్చి రాత్రిళ్ళు మందను చేలో కట్టించడం మా దగ్గర రివాజు. అంత చేనులో ఆ ఒక్క మూలే బావకు గర్వం.

"పిల్లను చూసుకోను వస్తే మాసిన చీర కట్టిస్తమా బిడ్డా? మంచిదే చూపిచ్చిన."

అవతల వందన నవ్వలేదు. "పెండ్లిచూపులు గాదు బాపూ, దవాఖాన. నొప్పున్న కాడ చూపియ్యాలె. ఆ కాగితం నమ్మి ఏం వెయ్యకపోతే మిగతా చేనంత ఉపాసముంటది."

రెండో రోజు పొద్దున్నే ఆమె బస్సు దిగింది. ఆకాశంలో మబ్బులు కమ్ముతున్నాయి. బావ పార, ఆమె తట్ట, నేను వెనకాల. పోయినేడు ఆకు పసుపెక్కిన పల్లం, రాళ్ళ వైపు మెరక, నడిమి చాళ్ళు అన్నీ తిరిగాం. మంద మూలకు వచ్చినప్పుడు ఆమె ఆగకుండా దాటిపోయింది. బావ ఒక క్షణం నిలబడి, ఆమె వెనకాలే నడిచాడు. మట్టిని శుభ్రమైన గుడ్డమీద పరిచి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు ఉంచుకుని మిగతాది పారబోసింది. అర్ధకిలో మిగిలేదాకా అట్లాగే చేసింది. ఆ సంచి తీసుకుని మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయింది.

వారం గడిచినా కబురు రాలేదు. ఈలోగా ఇచ్చోడకు డీఏపీ లారీ వచ్చిందని తెలిసింది. మళ్ళీ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. బావ, అక్క, నేను పోయేసరికి దుకాణం ముందు మనుషులకు బదులు చెప్పుల వరుస రోడ్డుదాకా ఉంది. జనం గోడ నీడన నిలబడి ఎవరి చెప్పులను వాళ్ళు కాపలా కాస్తున్నారు.

"ఏం కాకా, ఒక్క గింజ వద్దంటివి?" రాయమల్లు వెనకనుంచి అరిచాడు. "చెప్పులు మరిచిపోయినవనుకున్న!"

అక్క బావ చెవి దగ్గర పళ్ళు కొరికింది. "పన్నెండు బస్తాలు తీస్కో. బిడ్డ సదువు బిడ్డకు ఉంటది. పత్తి పోతే మనకేముంటది?"

వరుస కదిలింది. వేలిముద్ర యంత్రం ముందు బావ బొటనవేలు పెట్టాడు. సేటు, "ఎప్పటి లెక్కనే పన్నెండు గదా?" అన్నాడు. అప్పుడు నా జేబులో ఫోన్ మోగింది. వందన.

"మామా, కాగితం ఇప్పుడే చేతికొచ్చింది. భాస్వరం ఎక్కువనే ఉంది. పొటాష్ సరిపోను ఉంది. నత్రజని తక్కువ, జింకు బాగ తక్కువ. ఆరెకరాలకు ఐదు బస్తాల డీఏపీ దాటనియ్యకు. ఆఖరి దుక్కిల జింక్ సల్ఫేట్ వెయ్యాలె, కని డీఏపీతోని కలపద్దు. యూరియా ఒక్కసారే గుమ్మరియ్యక, మూడు నాలుగు సార్లు కొద్దికొద్దిగ."

నేను చెప్పాను. వెనక జనం తోస్తున్నారు. సేటు బిల్లు మీద పెన్ను ఆనించి చూస్తున్నాడు. "ముత్యం, రేపొస్తే ఉండది. తర్వాత నన్ను అనద్దు."

అక్క బావ మోచేయి పట్టుకుంది. ఆయన నెమ్మదిగా ఆ చేయి విడిపించుకున్నాడు.

"ఐదు," అన్నాడు. "జింకు రాయి."

అక్క బిల్లు కూడా చూడకుండా మాకంటే ముందు నడిచింది. వానలు పడ్డాయి, గింజలు మొలిచాయి. ఆ నెలన్నర బావ ఇంట్లో ఉన్నది తక్కువ. ప్రతి పొద్దునా పల్లం వైపు పోయి వంగి ఆకులు తిప్పి చూసేవాడు. నేను పోతే, "పచ్చగున్నయా, నా కండ్లకే గట్ల కనబడుతున్నయా?" అని అడిగేవాడు. పచ్చగానే ఉన్నాయి. రాయమల్లు చేను కంటే మెరుగు అనలేను. దానితో సమానంగా నిలబడింది. సగానికి తక్కువ డీఏపీతో నిలబడింది. మొదటి ఏరుడు బస్తాలు ఇంటికి వచ్చిన రోజు కోమలక్క కూతురికి ఫోన్ చేసి, కూర ఏం వండుకున్నవని మాత్రం అడిగింది.

చేను కౌలుకు పోలేదు. మరుసటి ఎండాకాలం రాయమల్లు పార భుజాన వేసుకుని వచ్చాడు. మట్టి ఎట్లా తీయాలని అడగడానికి సిగ్గుపడుతూ, వాన గురించి మాట్లాడాడు. బావే మొదలుపెట్టాడు.

"నేను మొదటిసారి గొర్ల మంద కాడ తీసిన. బిడ్డకు దొరికిపోయిన. నీ చేన్ల ఏ జాగ జూస్తే నీకు సిగ్గయితదో, ముందుగాల ఆడ తవ్వు."

రాయమల్లు పగలబడి నవ్వాడు. హోటల్లో ఈ మాట చెప్పకుండా ఉండడని బావకు తెలుసు. అయినా చెప్పాడు. ఆ తర్వాతి మాఘంలో గుండె ఆగి బావ పోయాడు. ఆరెకరాలు ఇప్పుడు కోమలక్క దున్నిస్తోంది.