నోరు లేని అప్పు

మాచర్ల ఊరి చివర రోడ్డు పక్క రేకుల షెడ్డులో మౌలాలీ లారీల కమాన్లు బాగుచేస్తాడు. నాపరాళ్ళ లోడుతో గతుకుల్లో పడి విరిగిన కమాను పట్టీలను ఊడదీసి, కాల్చి, సమ్మెటతో వంపు తెచ్చి మళ్ళీ బిగించే పని. ముప్పై ఏళ్ళుగా ఇదే. ఈమధ్య కుడి భుజం మొండికేసింది. పొద్దున లేవగానే భార్య జైనాబ్ బీ వేణ్ణీళ్ళ గుడ్డ వేసి కాపు పెడితే గాని చెయ్యి పైకి లేవదు. లేచాక మాత్రం ఆగదు, ఎందుకంటే అప్పులవాళ్ళు భుజాన్ని చూసి జాలి పడరు.

అప్పులు తాగుడుకీ జూదానికీ చేసినవి కావు. తల్లిని నరసరావుపేట ఆసుపత్రిలో నెలన్నర ఉంచాడు. తల్లి దక్కలేదు, అప్పులు దక్కాయి. మొత్తం నాలుగు. ఎదురుగా టీ బంకు నడిపే సత్తార్ దగ్గర తీసుకున్న చేబదులు ఏడు వేలు, వడ్డీ లేదు. వెల్డింగ్ సెట్టు మీద ఫైనాన్సు వాళ్ళకి ఇంకా పద్నాలుగు వేలు, లెక్క గడితే నూటికి నెలకు రూపాయిన్నర పడుతుంది. జైనాబ్ బీ ఆడవాళ్ళ పొదుపు గ్రూపులో తీసుకున్న లోను ఇరవై రెండు వేలు మిగిలింది, అది రెండు రూపాయలు. ఇక అన్నిటికీ పెద్దన్న, ఎరువుల కొట్టు బ్రహ్మాజీ దగ్గర రాసిచ్చిన ప్రామిసరీ నోటు. అరవై వేలు, మూడు రూపాయల వడ్డీ.

ఈ నాలుగింట్లో రెంటికి నోరుంది, రెంటికి లేదు. గ్రూపు లోను కంతు ఒక్కపూట ఆలస్యమైతే మిగతా ఆడవాళ్ళంతా గుమ్మంలో వచ్చి కూర్చుంటారు. ఫైనాన్సు కుర్రాడు ఫోనులో బూతు ఒక్కటే తక్కువగా మాట్లాడతాడు. సత్తార్ మాత్రం అడగడు, వాడు స్నేహితుడు. బ్రహ్మాజీ కూడా అడగడు. ఎదురుపడితే "అమ్మ పోయాక చిక్కిపోయావయ్యా" అని పలకరించి పోతాడు. అందుకే మౌలాలీ ఆయన్ని దేవుడిలాంటి మనిషి అనేవాడు. రెండేళ్ళ నాలుగు నెలలు ఆ దేవుడికి పైసా కట్టలేదు. అరిచేవాడికి కట్టి, అరవనివాడిని ఆపడం మన ఇళ్ళలో ఉన్నదే కదా.

కూతురు ఫర్హీన్‌కి నరసరావుపేటలో ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగం వచ్చాక ఇంట్లో మొదటిసారి అప్పుల సంగతి తీరిగ్గా మాట్లాడుకున్నారు. పిల్ల నెలకు ఆరు వేలు పంపుతానంది. మామూలు కంతులు ఎటూ షెడ్డు సంపాదన మీద నడుస్తున్నాయి. ఈ ఆరు వేలు పైన వచ్చేవి. వీటిని ఎందులో పొయ్యాలన్నదే మాట.

"చిన్నయ్యి ముందు తీర్చేద్దాం," అంది జైనాబ్ బీ. "సత్తారన్నది ఒక నెలా పైన కొంచెం. తర్వాత వెల్డింగుది. ఆమీద గ్రూపుది. ఒక్కోటి తీరతంటే ఆ కంతు డబ్బులు కూడా మిగులుతయ్, అయ్యీ కలిపి పెద్దదాంట్లో పోద్దాం. కనీసం గుమ్మంలోకి వచ్చేవాళ్ళన్నా తగ్గుతారు. నాకు ఆ ఆడోళ్ళ మొహాలు చూడాలంటేనే నీరసంగా ఉందయ్యా."

"దాన్నే స్నోబాల్ అంటారమ్మా," అంది ఫర్హీన్ ఫోను చూస్తూ. "మంచుముద్ద దొర్లే కొద్దీ పెద్దదవుద్ది చూడు, అట్టా. ఇంకోటుంది, అవలాంచ్ అని. అప్పు ఎంతన్నది చూడకుండా, ఎక్కువ వడ్డీదాన్ని ముందు కొట్టాలి. మంచుకొండ పైనుంచి విరిగిపడ్డట్టు."

"మాచర్ల ఎండల్లో మంచేందే నీ మొహం," అన్నాడు మౌలాలీ. అందరూ నవ్వారు. ఆ ఇంట్లో నవ్వు వినపడి చానాళ్ళయింది.

నవ్వులాటగానే ఫర్హీన్ ఒక మాట అడిగింది. బ్రహ్మాజీ నోటుకు మూడేళ్ళు ఎప్పుడు నిండుతాయని. ఇంకా ఎనిమిది నెలలు. మూడేళ్ళు దాటితే నోటు కోర్టులో చెల్లదు. అందుకని ఆ లోపే తిరగరాయడం ఊరి వాడుక. తిరగరాసినప్పుడు అప్పటిదాకా పేరుకున్న వడ్డీ కూడా అసలైపోతుంది. నెలకు పద్దెనిమిది వందల చొప్పున మూడేళ్ళ వడ్డీ అరవై నాలుగు వేల ఎనిమిది వందలు. కొత్త నోటు లక్షా పాతికవేలకు రెండొందలు తక్కువ. అక్కణ్ణుంచి నెలకు వడ్డీయే మూడు వేల ఏడొందలు పైన. పిల్ల ఈ లెక్క చెప్పేసరికి మౌలాలీ వేళ్ళ మీద మళ్ళీ లెక్కవేసి చూశాడు. అరవని అప్పే అన్నిటికన్నా ఎక్కువ తింటోందని అప్పుడు తెలిసింది.

అయినా నిర్ధారణ చేసుకుందామని మర్నాడు ఆరు వేలు పట్టుకుని ఎరువుల కొట్టుకు వెళ్ళాడు.

బ్రహ్మాజీ డబ్బు వంక చూసి చిన్నబుచ్చుకున్నాడు. "ఏందయ్యా మౌలాలీ, నేనడిగానా? నాదెక్కడికి పోద్ది? ముందు ఆ చిన్నా చితకా అప్పులు తీర్చుకో. మనసుకు హాయిగా ఉంటది. నాది ఆఖర్న చూసుకుందాం."

జైనాబ్ బీ మాటే, అచ్చంగా. కానీ జైనాబ్ బీ అంటే అలసట వినిపించింది, ఈయన అంటే ఇంకేదో వినిపించింది. తన బాకీ ఆఖర్న తీర్చమని బతిమాలే షావుకారును మౌలాలీ జీవితంలో మొదటిసారి అర్థం చేసుకున్నాడు.

"జమ రాయండి షావుకారు గారూ," అన్నాడు.

"వడ్డీకే జమ పడుద్ది. వడ్డీ ఉండగా అసలు తగ్గదు."

"పడనీండి. తిరగరాసేటప్పుడు అసల్లో కలవకుండా ఉంటే చాలు."

బ్రహ్మాజీ నోటు వెనక జమ రాశాడు. రాసి, కళ్ళజోడు తీసి, మెల్లగా అసలు మాట చెప్పాడు. కొత్త నోటు ఎనభై వేలు దాటితే ఉత్త సంతకం చాలదు, ఇంటి కాగితాలు పెట్టాలి. ఆ రెండు గదుల ఇల్లు మౌలాలీ తండ్రి దూది ఏకి కట్టింది. దాని కాగితాలు ఇంతవరకు ఎవరి బీరువాలోకీ పోలేదు.

ఇంటికొచ్చి ఆ మాట చెప్పాక జైనాబ్ బీ చిన్న అప్పుల ఊసెత్తలేదు. నెలకు ఆరు వేలు, ఎనిమిది నెలలు, అన్నీ బ్రహ్మాజీకే. అలా అయితే కొత్త నోటు డెబ్భై ఆరు వేల ఎనిమిది వందల దగ్గర ఆగుతుంది. ఇల్లు నిలుస్తుంది. ఒక్క నెల తప్పినా ఎనభై దాటుతుంది.

చెప్పడానికి సులువే. ఆ నెలలు గడవడమే కష్టమైంది. అంత డబ్బు పోస్తున్నా ఒక్క అప్పూ తీరలేదు. గ్రూపు ఆడవాళ్ళు వస్తూనే ఉన్నారు, ఫైనాన్సు కుర్రాడు అరుస్తూనే ఉన్నాడు. బ్రహ్మాజీ నోటు మీద ముందువైపు అరవై వేలు అరవై వేలుగానే ఉంది. బావిలో రాయేస్తే చప్పుడన్నా వస్తుంది, దీనికి అదీ లేదు. "ఒక్కటన్నా తీరినట్టు కనపడితే ఓపికొచ్చేదయ్యా," అనేది జైనాబ్ బీ కాపు పెడుతూ. ఆమె తప్పు లేదు. మనిషికి ఓపిక వడ్డీ లెక్కల్లోంచి రాదు.

అన్నిటికన్నా సత్తార్ మొహం చూడటం కష్టమైంది. వడ్డీ లేని అప్పు కాబట్టి ఈ లెక్కలో వాడు ఆఖరు. జాలితో ఇచ్చినవాడు వరసలో వెనక, పిండుకునేవాడు ముందు. ఇదేం న్యాయమో ఆ మంచుకొండ కనిపెట్టినవాడికే తెలియాలి. మౌలాలీ టీకి వెళ్ళడం తగ్గించాడు. గ్లాసు పట్టుకుని సత్తారే రోడ్డు దాటి వచ్చేవాడు. "ఏందిరా, భుజమెట్టా ఉంది?" అనేవాడు తప్ప డబ్బు మాట రానిచ్చేవాడు కాదు. రోడ్డు వెడల్పు చేస్తున్నారు, బంకులు తీసేస్తారట అన్న మాట మాత్రం ఒకసారి అన్నాడు. మౌలాలీ సమ్మెట అందుకున్నాడు. ఆ సంగతి మళ్ళీ అడగలేదు, అడిగితే తన బాకీకి జవాబు చెప్పాల్సి వస్తుందని.

తిరగరాసే రోజు వచ్చింది. ఎనిమిదో ఆరు వేలు బ్రహ్మాజీ బల్ల మీద పెట్టాడు. బ్రహ్మాజీ డబ్బు ఇంకా ముట్టుకోలేదు, లెక్క చూసుకుంటున్నాడు. "గట్టోడివేనయ్యా. ఇది కలిపితే డెబ్భై ఆరు వేల ఎనిమిదొందలు. ఇంటి కాగితాలు అక్కర్లా," అన్నాడు, కొంచెం నిరాశగానే.

అప్పుడే గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడైంది. తిరిగి చూస్తే సత్తార్. మౌలాలీని చూసి ఒక్క క్షణం తడబడి, వెంటనే నవ్వేశాడు.

"బంకు తీయించేశార్రా నిన్న. సందులో గది దొరికింది, అడ్వాన్సు పదివేలంట. షావుకారు గారు ఇస్తానన్నారు."

"వడ్డీ?" అన్నాడు మౌలాలీ.

"అందరికీ ఎంతో వాడికీ అంతే. మూడు," అన్నాడు బ్రహ్మాజీ, కొత్త నోటు మీద స్టాంపు అతికిస్తూ.

ఏడు వేలు చేతిలో ఉంటే సత్తార్‌కి ఇక్కడికి రావాల్సిన పనే పెద్దగా లేదు. ఆ ఏడు వేలు ఎక్కడున్నాయో గదిలో ముగ్గురికీ తెలుసు. ఆరు వేలు బల్ల మీద, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉన్నాయి. తీసి సత్తార్ చేతిలో పెడితే నోటు ఎనభై రెండు వేల ఎనిమిది వందలవుతుంది. కాగితాలు ఈ బల్ల సొరుగులోకి వస్తాయి. మౌలాలీ చెయ్యి లేవలేదు. ఈసారి భుజం నొప్పి వల్ల కాదు.

బ్రహ్మాజీ డబ్బు తీసి లెక్కపెట్టుకున్నాడు. మౌలాలీ తన నోటు మీద సంతకం పెట్టాడు. తర్వాత సత్తార్ తన నోటు మీద పెట్టాడు.

"సాక్షి కావాలి. నువ్వున్నావుగా మౌలాలీ, నువ్వే పెట్టు," అన్నాడు బ్రహ్మాజీ.

"పెట్టరా," అన్నాడు సత్తార్ మెత్తగా. "నీకేం కాదులే."

ఆ మెత్తదనానికే మౌలాలీకి ఏడుపొచ్చింది. పెట్టాడు.

ఇంటికొచ్చేసరికి ఫర్హీన్ ఫోనులో ఉంది, జైనాబ్ బీ స్పీకరు పెట్టి ఎదురు చూస్తోంది. కాగితాలు అడగలేదని చెప్పగానే తల్లీ కూతురూ ఒక్కసారే "హమ్మయ్య" అన్నారు. జైనాబ్ బీ కళ్ళొత్తుకుంది. మౌలాలీ గోడకానుకుని కూర్చున్నాడు.

"వచ్చే నెల నుంచి సత్తార్‌ది ముందు," అన్నాడు.

"నేను మొదట్నుంచీ మొత్తుకుంది అదేగా, చిన్నది ముందని," అంది జైనాబ్ బీ.

"అదేంది నాన్నా," అంది ఫర్హీన్. "ఆయనదానికి వడ్డీ లేదుగా. ఆఖర్న కదా కట్టాల్సింది?"

"ఇవాళ్టి నుంచి ఉందమ్మా. మూడు రూపాయలు. అది వాడు కడతాడు," అన్నాడు మౌలాలీ. "సాక్షి సంతకం నేనే పెట్టొచ్చా."