మూలన ఉండాల్సిన అంగుళం గడి

కొలతలక్క అసలు పేరు ఆమె వీడియోలు చూసేవాళ్లలో ఒక్కరికీ తెలియదు. తెలియాల్సిన అవసరమూ రాలేదు. ఎవరు ఏ బట్ట చూపించినా ముందు "కొలిచావా?" అని అడిగే మనిషికి అంతకంటే తగిన పేరు ఇంకేం పెడతారు? ఆ మాట ఆమె నోట్లో ప్రశ్న కాదు, తిట్టు. మెడలో టేపు వేసుకుని, కళ్లజోడు మీది నుంచి చూస్తూ ఆ మాట అందంటే, నిజంగా కొలిచినవాళ్లు కూడా నీళ్లు నమిలేవాళ్లు.

పదిహేనేళ్లు ఒక రెడీమేడ్ బట్టల కంపెనీలో కటింగ్ బల్ల దగ్గర నిలబడి పనిచేసింది. అక్కడి సూపర్‌వైజర్‌కి గుడ్డలో నిలువేదో అడ్డమేదో తెలియదు. అయినా రోజూ ఆమె వెనక నిలబడి, కత్తెర ఎలా పట్టుకోవాలో చెప్పేవాడు. వాడి ముఖం ఇక చూడలేక ఉద్యోగం మానేసి, ఇంటి ముందుగదిలో బల్ల వేసుకుని, దాని మీదుగా ఒక ఇనుప కడ్డీకి ఫోన్ బిగించి, కుట్టుపని నేర్పే వీడియోలు పెట్టడం మొదలుపెట్టింది. నేర్పుతూ తిట్టేది. ఆ తిట్లు పడటానికే జనం వచ్చేవాళ్లు. వీడియోల మధ్య వచ్చే ప్రకటనల డబ్బుతో నాలుగేళ్లు ఇల్లు గడిచింది.

ఐదో ఏడు తేడా కొట్టింది. ప్రకటనల డబ్బు గాలివాటం. ఏడాది చివర్లో కంపెనీలన్నీ మిగిలిన బడ్జెట్ ఖర్చుపెట్టడానికి ఎగబడతాయి, కొత్త ఏడాది రాగానే చేతులు ముడుచుకుంటాయి. చూసేవాళ్లు అంతేమంది ఉన్నా వచ్చేది సగమవుతుంది. అది ఆమెకి అలవాటే. కానీ ఈసారి చూసేవాళ్లే తగ్గారు. అర నిమిషంలో ఎవడో కాలర్ ఎగరేసి కన్ను కొడుతుంటే, ముప్పావు గంట కూర్చుని కాలర్ కుట్టడం ఎవరు చూస్తారు? సరే అని ఆమె కూడా అర నిమిషం ముక్కలు పెట్టింది. లక్షల మంది చూశారు, చేతికి వచ్చింది మాత్రం పూచికపుల్లంత. ఇదెలా తెలిసిందో గానీ, బల్ల ఖాళీగానే ఉంది, వస్తే తీసుకుంటామని పాత సూపర్‌వైజర్ కబురు పెట్టాడు. ఆ రోజు ఆమె అన్నం సరిగ్గా తినలేదు.

అప్పుడు దిగాడు మరిది. వీడియోలు చేసి సంపాదించడం ఎలాగో నేర్పే వీడియోలు చేయడం అతని వృత్తి. అతని సంపాదనంతా ఆ పాఠాల ఫీజులే. పని చేయకుండా పని చేసేవాళ్లకి దారి చూపించే ఇలాంటివాళ్లని చూస్తే ఆమెకి ఒళ్లు మంట. ఇంట్లో అతన్ని సలహాదారుగారూ అనే పిలిచేది. అతను దాన్ని గౌరవం అనుకునేవాడు.

ఒక్క కాలి మీద నిలబడ్డావు వదినా, ఆ కాలు కూడా నీది కాదు అన్నాడతను. నీ సొంత వస్తువు ఒకటి అమ్ముకోవాలి, నెలనెలా కొంత కట్టే మెంబర్లు ఉండాలి, ఏదైనా కంపెనీతో ఒప్పందం ఉండాలి, అప్పుడు ఏ ఒక్కటి పోయినా ఇల్లు కూలదు అని చెప్పాడు. అందులో ఒక్క ముక్క కూడా తప్పు కాదు. అదే ఆమెకి మరీ చిరాకు తెప్పించింది.

చెప్పడం వరకు బాగానే ఉంది, చేతికి పని ఇస్తేనే అతని తెలివి బయటపడింది. వస్తువు అంటూ ఆమె బొమ్మ, "కొలిచావా?" అన్న మాట అచ్చేయించిన కాఫీ కప్పులు రెండు వందలు తెప్పించాడు. పదకొండు అమ్ముడుపోయాయి, అందులో రెండు అతని అత్తగారు కొన్నవే. మిగతావి అట్టపెట్టెల్లో ముందుగది గోడకి ఆనుకుని కూర్చున్నాయి. మెంబర్‌షిప్‌కి వెండి, బంగారం, వజ్రం అని మూడు మెట్లు కట్టాడు. వజ్రం వాళ్లకి పుట్టినరోజున కొలతలక్క శుభాకాంక్షలు చెబుతుందట. బట్టలు కుట్టుకునే మనుషులకి ఈమె శుభాకాంక్షలు దేనికి? కొందరు చేరారు గానీ వజ్రం మెట్టు ఒక్కరూ ఎక్కలేదు.

చివరికి ఆమెకే తట్టింది. స్కూలు యూనిఫాం చొక్కాకి పేపర్ కటింగ్ తనే గీసి ఇస్తే? కొన్నవాళ్లు ఇంట్లోనో వీధి చివరి జిరాక్స్ షాపులోనో మామూలు కాగితాల మీద ప్రింట్ తీసుకుని, అంచులు కలిపి అతికించి, గుడ్డ మీద పరిచి కత్తిరించుకోవచ్చు. ఒకసారి గీస్తే ఎన్నిసార్లయినా అమ్మొచ్చు. పది రోజులు వంగి కూర్చుని పదకొండు సైజులు గీసింది. మొదటి కాగితం మూలన, ఎప్పటి అలవాటు ప్రకారం, నిలువు అడ్డం అంగుళం ఉండే ఒక గడి గీసి పక్కన రాసింది: ముందు దీన్ని టేపుతో కొలవండి, అంగుళం రాకపోతే ప్రింటర్‌లో అసలు సైజు అని పెట్టి మళ్లీ తీయండి.

మరిది దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. ఎక్కించేటప్పుడు ఆ గడి వికారంగా ఉందని తీసేసి, అక్కడ ఆమె బొమ్మ పెట్టాడు. ఒకసారి చూడు వదినా అని ఫోన్‌కి పంపాడు. ఆమె రెండు చేతులా గుడ్డ పట్టుకుని ఉంది. తల తిప్పి ఒక్క చూపు చూసి, బాగుంది పెట్టేయ్ అంది.

అమ్మకాలు కప్పుల్లా కాదు, వేడివేడిగా సాగాయి. పాఠశాలలు తెరిచే రోజులు. రెండు వారాల్లో వచ్చింది చూసి ఆమె సూపర్‌వైజర్‌ని తలుచుకుని హాయిగా నవ్వుకుంది. అదే వారం ఒక కుట్టుమిషన్ల కంపెనీ తరఫున ఏజెన్సీ నుంచి ఫోన్ వచ్చింది. కొత్త మిషన్ గురించి ఆరు వీడియోలు చేస్తే ఏడాది ఇల్లు గడుస్తుంది. మరిదికి కాళ్లు నేల మీద నిలవలేదు.

ఆ సంబరంలోనే మెసేజ్‌లు మొదలయ్యాయి. చొక్కా బిగుతుగా వచ్చిందక్కా అని ఒకామె. కొలిచావా, అని తిరగ్గొట్టింది. పిల్లాడికి చంకల్లో పట్టేస్తోందని ఇంకొకామె. కొలవకుండా కత్తెర పట్టేవాళ్లకి చంకలేం ఖర్మ, అన్నీ పట్టేస్తాయి అని జవాబిచ్చింది. అలా తొమ్మిది మందిని దులిపేసింది. పదో మెసేజ్‌కి విసుగెత్తి, వీళ్ల తెలివితక్కువతనం తేల్చేద్దామని జిరాక్స్ షాపుకి వెళ్లి తనే ప్రింట్ తీయించుకుంది.

అక్కడే నిలబడి టేపు పెట్టింది. తొమ్మిది అంగుళాలు ఉండాల్సిన గీత ఎనిమిదిన్నర కూడా లేదు. ప్రింటర్ తనంతట తాను కాగితంలో పట్టేలా బొమ్మని కుదించేసింది. నూరుకి తొంభై నాలుగు. అన్ని కాగితాలూ ఒకేలా కుదించుకుపోవడంతో అంచులు చక్కగా కలిశాయి, ఎవరికీ అనుమానం రాలేదు. మూలన గడి ఉండాల్సిన చోట తన ముఖమే తనని చూసి నవ్వుతోంది. ఆ ముఖాన్ని ఆమె ఎంత అసహ్యంగా చూసిందో, సూపర్‌వైజర్‌ని కూడా ఎన్నడూ అలా చూడలేదు.

ఇంటికి వచ్చి మరిదిని కడిగేసింది. అతను తల దించుకోలేదు. గడి పెట్టిన ఫైల్ చాటుగా మార్చేద్దాం, తప్పు ఒప్పుకునే వీడియో మాత్రం వద్దు అన్నాడు. ఏజెన్సీ వాళ్లు అప్పటికే షరతు పెట్టారు. మిషన్ విడుదలయ్యేదాకా పది రోజులు ఛానల్‌లో తప్పు, నష్టం, వాపసు అన్న మాటలేవీ వినపడకూడదు.

"ఈ పది రోజులూ పాత ఫైల్ ఉన్నవాళ్లు గుడ్డ కత్తిరిస్తూనే ఉంటారు కదా," అంది.

"అడిగినవాళ్లకి డబ్బు తిరిగిచ్చేద్దాం వదినా. అడగనివాళ్లకి మనమెందుకు చెప్పడం?"

మామూలుగా అయితే అతని నోరు మూయించడానికి ఆమెకి రెండు మాటలు చాలు. కానీ ఏడాది ఇల్లు గడవడం అన్న మాట గదిలో ఉంది, కటింగ్ బల్ల ఖాళీగా ఉందన్న కబురూ ఉంది. ఆ రోజు ఏమీ తేల్చలేదు. పిరికిదాన్ని అని తనని తానే తిట్టుకుంది.

మర్నాడు మధ్యాహ్నం మెంబర్ల లైవ్. కాలర్ కుట్టడం చూపించాలి. మరిది కడ్డీకి బిగించిన ఫోన్ వెనక నిలబడ్డాడు, చెవి దగ్గర పట్టుకున్న తన ఫోన్‌లో ఏజెన్సీ మనిషి వింటూ లైన్‌లో ఉంది. యాభై అరవై మంది చేరారు. బంగారం మెట్టు వాళ్లు తెర మీదకి వచ్చి మాట్లాడొచ్చు. ఒకామె వచ్చింది. స్కూలు పక్కన చిన్న కుట్టుషాపు, వెనక తాడు మీద ఒకే రంగు చొక్కాలు వరసగా వేలాడుతున్నాయి.

నలభై చొక్కాలకి గుడ్డ కత్తిరించిందట. పద్నాలుగు కుట్టి ఇచ్చింది, పద్నాలుగూ వెనక్కి వచ్చాయి. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. ఎప్పుడూ తానే కొలుచుకుని కత్తిరిస్తుందట, ఈసారి మాత్రం కొలవలేదట.

"మీరిచ్చింది కదా అని నేను కొలవలేదక్కా," అంది. "మీరు కొలిచారా?"

వెక్కిరింత కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది. మరిది ఖాళీగా ఉన్న చేతిని అడ్డంగా ఊపుతున్నాడు. కొలతలక్క కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"లేదమ్మా. నేను కొలవలేదు."

ఆ మాట ఆమె నోటి నుంచి రావడం అదే మొదటిసారి. ఆ తర్వాత మిగతాదంతా చెప్పింది. కుదించుకుపోయిన కాగితం, తీసేసిన గడి, ఒక్క చూపు చూసి తాను అన్న మాట, తొమ్మిది మందిని అనకూడని మాటలనడం. పాత ఫైల్‌తో ఎవరూ కత్తెర పెట్టొద్దంది. కొన్న ప్రతి ఒక్కరికీ సరైన ఫైల్ ఉచితంగా వస్తుందని, అడిగినా అడగకపోయినా డబ్బు వాపసు వస్తుందని చెప్పింది. మరిది ఫోన్ చెవి దగ్గర నుంచి దించేశాడు. లైన్‌లో ఇంక ఎవరూ లేరు.

కాలర్ పాఠం పక్కన పెట్టి, చొక్కాని చూపించమంది. పక్క కుట్లు కింద నుంచి చంక దాకా, అక్కడి నుంచి చేతి చివరి దాకా విప్పేయమంది. ఒక్కో పక్క కుట్టాక అంగుళం మిగిలేలా పట్టీ వేస్తే చుట్టూ రెండంగుళాలు వస్తుంది. పొడవుకి కింది మడత విప్పి, లోపల వేరే గుడ్డ పట్టీ వేస్తే సరి. ఆమె విప్పుతుంటే తనూ ఒక చొక్కా తీసుకుని విప్పింది. గంట అనుకున్నది రెండు గంటలు సాగింది, ఒక్కరూ వెళ్లలేదు.

మిషన్ కంపెనీ ఒప్పందం ఆ సాయంత్రమే పోయింది. వాపసులతో చొక్కా కాగితం సంపాదించింది సంపాదించినట్టే తిరిగిపోయింది. మెంబర్లలో కొందరు మానేశారు. మిగిలినవాళ్లు మాకు పుట్టినరోజులు వద్దు, వారానికోసారి చెడిన బట్టలు సరిచేసే లైవ్ పెట్టక్కా అన్నారు. మూడు మెట్లూ పీకేసి ఒక్కటే ఉంచింది. నెలనెలా వచ్చే ఆ కాస్తా, గడి తిరిగి చేరిన కాగితాలూ, ఇది అమ్మితే నాకు కమిషన్ వస్తుందని పైకే చెప్పి చూపించే ఒక కత్తెర, ఇవి కలిపి ప్రకటనల డబ్బుకి తోడయ్యాయి. ఇల్లు బొటాబొటిగా గడుస్తోంది. సూపర్‌వైజర్ కబురుకి ఇంకా జవాబివ్వలేదు, కాదని అనే ధైర్యం కూడా రాలేదు.

కప్పులు మాత్రం అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. ఒకటి తీసి వాడుకుంటోంది. లైవ్ మొదలయ్యే ముందు దాన్ని బల్ల మీద పెట్టి, మీద అచ్చేసిన ఆ మాట చూసేవాళ్లకి కాక తనకే కనిపించేలా తిప్పుకుంటుంది.