వెనక అంచున గీసిన రెస్ట్

నా పేషెంటును ఎత్తుకుపోయినవాణ్ణి నేనింకా క్షమించలేదు. క్షమించే ఉద్దేశమూ లేదు.

డెంటల్ కాలేజీలో ప్రాక్టికల్ పరీక్షకు ఎవరి పేషెంటును వాళ్ళే వెతికి తెచ్చుకోవాలి. పీజీ ఆఖరి ఏడు, తీసి పెట్టుకునే కట్టుడు పళ్ళ కేసు కోసం బస్సుల్లో కూడా జనం నోళ్ళే చూసేదాన్ని. చివరికి మైలవరంలో ఒక రిటైర్డ్ టీచరమ్మ దొరికింది. చర్చిలో పాడుతుంటే మాటలు జారిపోతున్నాయని ఆవిడ బాధ. నన్ను 'అమ్మాయ్' అనేది. వచ్చినప్పుడల్లా సంచిలో నాకోసం జామకాయలుండేవి.

ఆవిడ కింది దవడలో కుడివైపు కోరపన్ను వెనక ఒక్క పన్నే మిగిలింది. ఎడమవైపు కూడా అంతే, కాకపోతే చిట్టచివర ఒక దంతం నిలబడి ఉంది. ఒక్క వైపే వెనక ఆసరా లేదు కాబట్టి క్లాస్ టూ. రెస్ట్ అంటే పంటి మీద చిన్న గుంట చేసి అందులో ఆనించే లోహపు మెట్టు, కట్టుడు పళ్ళ బరువు మోసేది అదే. ఎడమవైపు ఖాళీకి రెండు చివర్లా పళ్ళున్నాయి గనుక ఖాళీకి ముందున్న పంటికి వెనక అంచున రెస్ట్ పెట్టి డిజైన్ గీశాను.

తర్వాత ఆ చివరి దంతం కదిలిపోయి తీసేయాల్సి వచ్చింది. తీస్తున్నంతసేపూ ఆవిడ నా చెయ్యి పట్టుకునే ఉంది. దాంతో రెండు వైపులా వెనక ఆసరా పోయి కేసు క్లాస్ వన్ అయింది. ఇలాంటప్పుడు నమిలినప్పుడల్లా కట్టుడు పళ్ళ వెనక భాగం చిగురులోకి దిగుతుంది. రెస్ట్ వెనక అంచునే ఉంటే, దిగిన ప్రతిసారీ పంటిని పట్టుకున్న క్లాస్ప్ అనే లోహపు కొక్కెం దాన్ని పీకుతుంది, ఏడాదీ రెండేళ్ళలో పన్ను ఊగుతుంది. రెస్టును పంటి ముందు అంచుకు మార్చాలి, అప్పుడు క్లాస్ప్ కూడా కిందికి దిగి పంటిని వదిలేస్తుంది. కొత్త డిజైన్ హాస్టల్ గదిలో ఉంది. పాతది ల్యాబ్ సొరుగులో ఉండిపోయింది.

పరీక్షకు ముందు రోజు నా క్లాస్‌మేటు ఒకడు ఆవిడ ఇంటికి కారు పంపాడు, 'మీ డాక్టరమ్మే పంపింది' అని చెప్పించి. నేను వెళ్ళేసరికి ఆవిడ వాడి చెయిర్లో ఉంది, కేసు షీటు మీద వాడి పేరుంది. హెడ్డుగారి దగ్గరకు పరుగెత్తాను.

"ఎవరి చెయిర్లో కూర్చుంటే వాళ్ళ పేషెంటేనమ్మా. వేరే ఎవర్నైనా చూసుకో" అన్నారాయన, తల కూడా ఎత్తకుండా.

నా ఒళ్ళు మండిపోయింది. ఊరంతా తిరిగి చివరికి వన్‌టౌన్‌లో ఒక టైలరు సాయిబుగారి కాళ్ళావేళ్ళా పడి ఒప్పించాను. ఆయనది రెండు పళ్ళ మధ్య చిన్న ఖాళీ, క్లాస్ త్రీ. పరీక్షలో మెరవడానికి పనికొచ్చే కేసు కాదు.

ఆ సాయంత్రం ల్యాబులో వాడు పోసిన ఆవిడ దవడ ప్లాస్టర్ అచ్చు మీద పెన్సిల్ గీతలు చూశాను. అది నా పాత డిజైనే. సొరుగు కూడా వదల్లేదన్నమాట. లేని దంతం మీది క్లాస్ప్ చెరిపేశాడు గానీ, ముందు పంటి రెస్టును మాత్రం వెనక అంచునే ఉంచాడు. నాకు నవ్వొచ్చింది. ఒక్క మాట చెబితే దిద్దుకునేవాడు. చెప్పలేదు. గదికి వెళ్ళి హాయిగా నిద్రపోయాను.

మర్నాడు మా చెయిర్లు పక్కపక్కనే. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ మావైపు నడిచి వస్తున్నారు. వాడు గుంట తవ్వడానికి మిషన్ ఆన్ చేసి ఆవిడ నోట్లో పెట్టాడు. ఎగ్జామినర్ మా దగ్గరకు చేరేదాకా పళ్ళబిగువున ఆగాను.

"ఆపండి సార్! అది క్లాస్ వన్. రెస్ట్ వెనక పెడితే ఆ పన్ను పోతుంది" అని అరిచాను.

ఎగ్జామినర్ అచ్చు తీసి చూశారు. "ఇక్కడే ఎందుకు గీశావ్?" అని వాణ్ణి అడిగారు. అందరి ముందూ వాడి మొహం నెత్తురుచుక్క లేకుండా పాలిపోతుంటే కళ్ళారా చూశాను. ఇప్పుడు తలుచుకున్నా కడుపు నిండుతుంది. వాడు తప్పాడు, నేను పాసయ్యాను.

ఆ తర్వాత ఆవిడకు కట్టుడు పళ్ళు నేనే చేశాను, రెండు వైపులా రెస్ట్ ముందు అంచున పెట్టి. అమర్చిన రోజు అద్దంలో చూసుకుని, ఒక చరణం పాడి, మాటలు జారడం లేదని సంబరపడింది. సంచి తీసుకుంటూ అడిగింది.

"ఆ అబ్బాయి గీసింది తప్పని నీకెప్పుడు తెలిసింది అమ్మాయ్?"

"ముందు రోజు సాయంత్రమే తెలిసిందండీ" అన్నాను గర్వంగా.

ఆవిడ సంచి భుజానికి తగిలించుకుంది.

"అయితే నా నోట్లో మిషన్ పెట్టేదాకా చూస్తూ ఊరుకున్నావు."

తర్వాత బెంజ్ సర్కిల్ దగ్గర నేను క్లినిక్ పెట్టాక కూడా ఆవిడ ఏటా చూపించుకోవడానికి వచ్చేది. ఆ పన్ను రాయిలా నిలబడి ఉంది. జామకాయలు మాత్రం మళ్ళీ తేలేదు. నోరు తెరిచేముందు ఎంతో మర్యాదగా అడిగేది: "కూర్చోమంటారా డాక్టరుగారూ?"