అరుపు మానిన తలుపు

మామగారు రైలింజన్ల షెడ్డులో రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునేవారు. మా క్వార్టర్ వీధి తలుపు తీస్తే చాలు, కీచుమని అరిచి ఆయన్ని లేపేసేది. నాకేమో ఇంట్లో కాలు నిలిచేది కాదు, ఏదో వంకతో గడప దాటాల్సిందే. అత్తగారు మాత్రం ఆ అరుపును ఎన్నడూ విసుక్కోలేదు.

బందుల్లో ఆముదం పోశాను. తలుపు రెండు రోజులు ఊరుకుని, బొగ్గు ధూళి అంటుకున్నాక మరీ అరిచింది. వదులైన స్క్రూలు బిగించాను. తలుపు నేలకు రాసుకోవడం మానింది గాని అరుపు పోలేదు. బందులన్నీ మార్పించమని మా ఆయన మీద కస్సుమన్నాను.

ఫిట్టరు కదా, ఆయన తలుపు కింద చెక్క దోపి, పై బందు పిన్నును కింది నుంచి కొట్టి తీశారు. అది మధ్యలో సన్నగా అరిగిపోయి ఉంది.

"బందుకేటీ కానేదు, పిన్నే అరిగిపోనాది" అని, షెడ్డులో సరైన లావున కొత్తది చేయించి, నూనె రాసి దించారు.

మర్నాడు మామగారు గుర్రు పెడుతుండగా నేను తలుపు తీశాను. చిన్న చప్పుడైనా లేదు. ఎప్పుడూ వంటింట్లో ఉండే అత్తగారు ఆ పక్కనే పీట వేసుకుని కూర్చున్నారు.

"ఏటమ్మా, ఎక్కడికెల్తన్నావు?"

ఇన్నాళ్లూ ఆ మాట ఆవిడ బదులు తలుపే అడిగేది.