తప్పు పరుగుది కాదు

గద్వాలలో మా ఇంటి ముందు గదిలో ఒకప్పుడు మగ్గం ఉండేది. దాన్ని తీసేశాక ఆ గదిలోనే మూడు నెలలు ఇద్దరు ఆడపిల్లలు కంప్యూటర్‌లో ఒక ఆట తయారు చేశారు. ఒకతె నా బిడ్డ. ఇంకొకతె వనపర్తిలో దానితో డిగ్రీ చదివిన స్నేహితురాలు. ఆమెది అచ్చంపేట దగ్గరి ఊరు. మా ఇంట్లోనే ఉండేది, నన్ను పెద్దమ్మా అని పిలిచేది.

ఆటలో ఒక చిన్న పిల్ల నెత్తి మీద సల్ల ముంత, అంటే మజ్జిగ కుండ, పెట్టుకుని, ఎండ ముదరకముందే చేనులో ఉన్న తండ్రి దగ్గరికి ఉరకాలి. జర ఆగినా సల్ల ఒలుకుతుంది. ముంత ఖాళీ అయితే ఆట ఓడినట్టే. నేలంతా నా బిడ్డ పని. చిన్న చిన్న చదరపు ముక్కలు గీసి, వాటినే పక్కపక్కన పేర్చి ఎర్రమట్టి, గట్లు, బండలు చేసింది. పిల్ల పరుగుకు ప్రోగ్రాం రాసింది స్నేహితురాలు. హైదరాబాదులో ఇలాంటి ఆటలు చూపించే రోజు ఒకటి ఉందట. అక్కడ ఒక చిన్న కంపెనీవాళ్ళు నచ్చిన ఆట చేసినవాళ్ళను పనిలోకి తీసుకుంటారట. ఇద్దరినీ ఒకే చోట తీసుకోవాలని వాళ్ళ ఆశ.

ఎప్పుడూ ఆట ఆడనివాళ్ళు ఆడితేనే లోపం తెలుస్తుందని నన్ను కూర్చోబెట్టారు.

"పెద్దమ్మా, గీ మీట ఒత్తిపట్టు, ఇడువకు. పిల్ల గదే ఉరుకుతది."

ఉరికింది. రెండో గట్టు దాటి, సాపు నేల మీద ఉన్నట్టుండి నిలబడిపోయింది. సల్ల చిందింది.

"ఇడిసినవ్ గదనే అమ్మా," అంది నా బిడ్డ. "మగ్గం తొక్కినట్టు తొక్కి తొక్కి ఇడుస్తవ్ నువ్వు."

"ఇడువలేదే. అదే ఆగింది. నా వేలు జూడు, ఇంకా మీట మీదనే ఉంది."

వాళ్ళూ ఆడి చూశారు. పదిసార్లు ఉరికితే రెండు మూడుసార్లు ఆగుతుంది. అక్కడ రాయి లేదు, గుంత లేదు. ఆగే చోటు కూడా ప్రతిసారీ ఒకటే కాదు.

"ముక్కకూ ముక్కకూ నడుమ ఏదో తగులుతుందే," అంది స్నేహితురాలు. "జర నేల దిక్కు జూద్దాం."

నా బిడ్డ బొమ్మను పెద్దగా చేసి చూపించింది. "ఏడుందే సందు? ఎంటిక గూడ పట్టదు. అమ్మా, నువ్వే చెప్పు."

నేను తొంగి చూశాను. నిజంగానే సందు లేదు. "నేల ఉన్నకాడనే ఉంది. ఉరికేది పిల్ల. తట్టుకుంటే తప్పు ఉరికేదాందే గద," అన్నాను. జడ్జి లెక్క అన్నాను ఆ మాట.

అది నా నోటికి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచు పట్టు. అడ్డపోగును నడిపే నాడెలు రెండింటికీ వేరు. అట్లా నేస్తూ, కలిసే చోట పోగుకు పోగు మెలివేసి కలపాలి. ఒళ్ళు నేసేవారు నడుమ కూర్చుంటారు, అంచు నాడె వేసే మనిషి పక్కన కూర్చుంటుంది. నేసిన కాడికి అతుకు మీద బొటనవేలి గోరు పెట్టి లాగి చూస్తారు. గోరు ఎక్కడైనా తట్టుకుందంటే, విచారణ లేకుండా తిట్లు అంచు పక్కన కూర్చున్నామెకే. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆ చోట కూర్చున్నది నేనే. ఒళ్ళు నేసే మా అత్త చేతి బిగువు తప్పినా తిట్లు నాకే పడేవి. గోడ వైపు తిరిగి కండ్లు తుడుచుకునేదాన్ని. అదంతా గుర్తుండి కూడా, నా ఇంట్లోకి వచ్చిన పిల్లను తీసుకుపోయి అదే చోట కూర్చోబెట్టాను.

ఆ పిల్ల తను రాసిందే దిద్దుకోవడానికి కూర్చుంది. పరుగు వేగం తగ్గించింది. ఆగినప్పుడల్లా పిల్లను జర పైకి లేపేటట్టు రాసింది. అప్పుడు గట్టు ఎక్కంగనే పిల్ల ముంతతో సహా గాలిలోకి ఎగిరింది. దాన్ని ఆపడానికి ఇంకొకటి రాసింది. పన్నెండు రోజులు ఇట్లాగే ఒక అతుకు మీద ఇంకో అతుకు వేసింది.

ఆ రోజుల్లోనే నేనొకటి గమనించాను. ఆటలో వాగు మీద చెక్క వంతెన ఉంటుంది. అది ముక్కలు కాదు, మొత్తం ఒకటే పొడుగు బొమ్మ. దాని మీద పిల్ల ఒక్కసారి కూడా తట్టుకోలేదు. ముక్కలు పేర్చిన నేల మీదనే తట్టుకునేది. నోటిదాకా వచ్చింది. అప్పటికే తీర్పు చెప్పేసి ఉన్నాను, పైగా నేల వేసింది నా బిడ్డ. చెప్పలేదు.

చూపించే రోజు ఐదు రోజులుందనగా ఆ పిల్ల బట్టలు సర్దుకుంది. "ఊర్ల పల్లికాయ పీకుతున్నరు పెద్దమ్మా, పోవాలె." జొన్నరొట్టెలు కట్టిచ్చాను. నా మొహం చూడకుండా తీసుకుంది. "ఇద్దరం జేసినం, ఇప్పుడు పోతవా?" అని నా బిడ్డ అడిగితే, "నా పరుగే తప్పయితే నేనెందుకే ఆడ," అంది.

నా బిడ్డ ఒక్కతే హైదరాబాదు పోయింది. కంపెనీ ఆయన కూర్చుని ఆడితే మూడుసార్లూ సల్ల ఒలికిపోయిందట. నవ్వి, లేచి పక్క బల్లకు పోయాడట. ఆ పక్క బల్ల మీద తన ఆట పెట్టుకున్న పిల్లే దయతలచి, "హద్దుల గీతలు కనిపించేటట్టు పెట్టి చూడు," అని చెప్పిందట.

ఇంటికి వచ్చి నాకు చూపించింది. బొమ్మల మీద పచ్చని గీతలు తేలాయి. ప్రతి ముక్క చుట్టూ నాలుగు గీతలు. నేలంతా చిన్న చిన్న పెట్టెలు.

"బొమ్మల సందు లేదమ్మా. కానీ తగిలే హద్దు దేనిది దానికే ఉంది. వీటినే కొలైడర్లు అంటరు. పిల్ల చుట్టూ గూడ ఒక పెట్టె ఉంటది. బరువుకు అది ఎంటికంత నేల లోపలికి దిగి, మళ్ళ పైకొస్తుంటది. దిగినప్పుడే ముందటి ముక్క వస్తే, దాని పక్కగీత గోడ లెక్క అడ్డం తగుల్తది."

"మరి ఏం జేస్తవ్?"

"అన్నీ కలిపి ఒకటే జేస్త. నడుమ గీతలు పోయి, సుట్టూ ఒకటే గీత ఉంటది."

కలిపింది. ఆట మొదలుపెట్టంగనే గట్లు, బండలు, నేలంతా ధడాలున కిందికి జారిపోయింది. పిల్ల కూడా దాని వెంటే పోయింది. బిడ్డ ఉలిక్కిపడి, తర్వాత తల కొట్టుకుంది. కలిపినప్పుడు నేలకూ బరువు వచ్చి చేరిందట, కదలకుండా ఉండమని చెప్పడం మరిచిందట. అది సరిచేసి మళ్ళీ మొదలుపెట్టింది. నేల నిలిచింది. చుట్టూ పచ్చగీత ఒక్కటే.

అప్పుడు స్నేహితురాలు రాసిన అతుకులు ఒక్కొక్కటే తీసేయడం మొదలుపెట్టింది. లేపేది తీసింది. ఎగరకుండా ఆపేది తీసింది. తగ్గించిన వేగం మళ్ళీ పెంచింది. చివరికి మిగిలింది ఆ పిల్ల మొదటి వారంలో రాసిన పరుగు. పిల్ల ఈ కొస నుంచి ఆ కొసకు ఉరికింది. సల్ల చుక్క ఒలకలేదు.

"మొదలు రాసిందే సక్కగుండె అమ్మా," అంది నా బిడ్డ.

ఫోన్ నేనే చేశాను. అచ్చంపేటలో సెల్‌ఫోన్ల దుకాణంలో పనికి కుదిరిందట. సంగతంతా చెప్పాను. "తప్పు నీది కాదు బిడ్డా," అన్నాను.

"ఎరుకనే పెద్దమ్మా."

"మల్ల రా. ఇద్దరూ కలిసి మళ్ళొకసారి..."

"కంపెనీవాళ్ళు తీసుకునేటోళ్ళను అప్పుడే తీసుకున్నరంట గద." అవతల ఎవరో ఫోన్ ధర అడుగుతున్నారు, వాళ్ళకు జవాబు చెప్పి మళ్ళీ నాతో అంది: "పెద్దమ్మా, ఒకటడుగుత. వంతెన మీద తట్టుకోకపోయేది. నువ్వు సూసినవ్ గద? నేనప్పుడు నీ మొహమే సూస్తుంటి."

"సూసిన బిడ్డా," అన్నాను.

"ఊఁ," అంది. దుకాణంలో గిరాకీ ఉందని చెప్పి పెట్టేసింది.