డబ్బాలో నలభై అయిదు గ్రాములు

ఆ ఏడాది గడియారంలో పదకొండు అయిందంటే నా చేతులు ఒక్క చోట ఉండేవి కావు. ఆ వేళకు మా ఆయన భూమి కింద అన్నం డబ్బా విప్పుతుంటాడు. నేనేమో మందమర్రిలో మా క్వార్టర్ వంటింట్లో నిలబడి, విప్పాడా, తిన్నాడా, గుడ్లు ముందు తిన్నాడా రొట్టె ముందు తిన్నాడా అనుకుంటూ, తుడిచిన గట్టునే మళ్లీ తుడిచేదాన్ని. పొయ్యి మీద ఏమీ లేకపోయినా వెళ్లి పొయ్యి చూసొచ్చేదాన్ని.

బొగ్గు గనిని మేం బాయి అంటాం. ఆయన ఇరవై రెండేళ్లుగా బాయిలో మొదటి షిఫ్టు మనిషి. పొద్దున ఏడింటికి దిగి, కప్పు కూలకుండా ఆధారాలు నిలబెట్టి, మూడింటికి ఏటవాలు దారిలో నడిచి పైకొస్తాడు. తొంభై నాలుగు కిలోలకు చేరాక డాక్టరు లివర్‌కు కొవ్వు పట్టిందన్నాడు, బరువు తగ్గమన్నాడు. షుగర్ లేదు, అదొక్కటే నయం. ఈయన ఫోన్లో ఎవరో చెప్పింది విని, ఇకనుంచి రోజుకు ఆరు గంటల్లోనే తింటానని పట్టుబట్టాడు. షిఫ్టు దిగి నాలుగింటికి ఒక పూట, తొమ్మిదింటికి ఒక పూట. మిగతా వేళంతా నీళ్లు. మొండితనంలో ఆయన్ని మించినవాళ్లను నేను చూడలేదు, అద్దంలో నన్ను తప్ప.

నాలుగు నెలల్లో పదకొండు కిలోలు తగ్గాడు. కాలనీ అంతా మెచ్చుకుంది. నేనూ మురిసిపోయాను, ఎందుకు దాచాలి. కానీ పొట్ట తగ్గినదానికంటే చేతులు ఎక్కువ తగ్గాయి. ఒకరోజు నిండు గ్యాస్ సిలిండర్ ఎత్తబోయి మధ్యలోనే కింద పెట్టేశాడు. గట్టిగా అడిగితే అప్పుడు చెప్పాడు. అంతకు వారం ముందు ఏటవాలు దారి ఎక్కుతుంటే మోకాళ్లు మడతపడి కూలబడ్డాడట. తోటివాళ్లు చూస్తే బూటు లేసు ఊడిందని చెప్పి, కట్టుకుంటున్నట్టు నటించాడట.

"మూన్నెల్లల్ల మెడికల్ ఉన్నది," అన్నాడు. "గా పరీక్షల అన్‌ఫిట్ అంటె పైన కూసుండబెడ్తరు. నాతోని గాదు."

ఆయనకు బాయి దిగడమంటే ఉద్యోగం ఒక్కటే కాదు, జట్టులో తనతో దిగే ఆరుగురు మనుషులు కూడా. పైన కుర్చీలో కూర్చోబెడితే ఈ మనిషి ఆరు నెలల్లో ముసలివాడైపోతాడని నాకు తెలుసు. అందుకే మర్నాడే కరీంనగర్ బస్సెక్కించాను. అక్కడ ఒక డైటీషియన్ ఉందని ఎవరో చెప్పారు. చూస్తే మాకు కూతురయ్యేంత వయసు. ఆయనను చేతులు గుండెల మీద కట్టుకుని కుర్చీలోంచి అయిదుసార్లు లేవమంది. మూడుసార్లు లేచి, నాలుగోసారి కుర్చీ పట్టుకున్నాడు.

తర్వాత నా వైపు తిరిగి, ఏం పెడుతున్నారని అడిగింది. నేను రోజూ లెక్కలు రాసుకునే నోట్‌బుక్ తెరిచి గర్వంగా చదివాను. పప్పు ఒక కప్పు, ప్రోటీన్ ఇరవై నాలుగు గ్రాములు, అని మొదలుపెట్టాను.

"అమ్మా, ఆ ఇరవై నాలుగు ప్యాకెట్ మీద చూసి రాసిండ్రా?"

"ఔ. అండ్ల గట్లనే ఉన్నది."

"అది నూరు గ్రాముల ఎండు పప్పుకు. ఉడికినంక సగం కంటె ఎక్కువ నీళ్లే ఉంటయ్. మీ కప్పుల ఏడో ఎనిమిదో ఉంటది, అంతే."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పిల్ల మీద కాదు. నాలుగు నెలలు ఎండు పప్పు లెక్క రాసుకుంటూ నీళ్ల పప్పు పోసిన నా మీద. ఇక నాలుగింటికి ఆకలి మీద కొండంత అన్నం తినేవాడు, తొమ్మిదింటికి కడుపులో చోటు లేక మజ్జిగ, రెండు అరటిపండ్లతో సరిపెట్టేవాడు. మొత్తం కలిపితే రోజుకు నలభై గ్రాములు కూడా దాటడం లేదని తేలింది. రెండో పూట పేరుకే పూట.

ఆ పిల్ల కిడ్నీ రిపోర్టు బాగుందని చూసుకున్నాకే లెక్క వేసింది. ఖాళీ కడుపుతో ఎనిమిది గంటలు బాయి పని చేయడం తనకు అసలు నచ్చలేదని మొహం మీదే చెప్పింది. ఈయన ఉపవాసం మానేది లేదన్నాడు. "సరే, ఉపవాసం మీది, ఈ రెండు పూటలు నావి," అంది. అయితే మొదటి పూట పదకొండింటికి బాయిలోనే తినాలి, రెండోది సాయంత్రం అయిదింటికి ఇంట్లో. కిలోకు గ్రాము కంటే కొంచెం ఎక్కువ, రోజుకు తొంభై గ్రాముల ప్రోటీన్. ఒకే పూట ఎనభై తిని రెండో పూట పది తింటే ఒంటికి పట్టడం కష్టమని, నలభై అయిదు, నలభై అయిదుగా పంచమంది. క్యాలరీలు పూటకు ఎనిమిది వందలు, కాస్త అటూ ఇటూ. అంతకంటే తగ్గిస్తే తిన్న ప్రోటీన్ కూడా కండకు పోదు, పొయ్యిలో కట్టెలా మండిపోతుందని చెప్పింది. పూట మొదట గుడ్డు, ముక్క తినాలి, అన్నం రొట్టె ఆ తర్వాత.

ఇంటికి రాగానే చిన్న కాటా కొన్నాను. డబ్బాలో మూడు గుడ్లు, ఎముక తీసిన కోడికూర ముక్కలు ఎనభై గ్రాములు, జొన్నరొట్టెలు రెండు, ఏదో ఒక కూరగాయ. సాయంత్రం చేపల కూర, కప్పున్నర అన్నం, పెరుగు. మేం శనివారం నీసు ముట్టం, గుడ్డు కూడా. ఆ రోజు మీల్‌మేకర్ యాభై గ్రాములు ఎండువే తూచి నానబెట్టేదాన్ని, పనీర్ చేర్చేదాన్ని. పప్పు విషయంలో ఒకసారి మోసపోయాను కదా, ఇంక ఏదీ ఉడికాక తూచి ఎండు లెక్క రాసే పని పెట్టుకోలేదు. ఒక్క గ్రాము తప్పలేదు. నిద్రలో కూడా అంకెలు చెప్పేదాన్నేమో.

ఆరు వారాలకు మళ్లీ కరీంనగర్ వెళ్లాం. బరువు ఇంకో నాలుగు కిలోలు పోయింది. కుర్చీలోంచి మళ్లీ మూడుసార్లే లేచాడు. ఆ పిల్ల నా నోట్‌బుక్ మొత్తం తిరగేసింది.

"అమ్మా, మీరు పెట్టింది రాసిండ్రు. ఆయన తిన్నది రాయలే."

"అంటె నేను అబద్ధాలు రాసిన్నా? మా ఆయన పారబోసిండా?"

మా ఆయన గోడ మీద పోస్టర్ చూస్తున్నాడు. బస్సులో మందమర్రి దాకా ఆ నోట్‌బుక్కే మళ్లీ మళ్లీ తిరగేశాను. ఇంకో నెలన్నరే ఉంది మెడికల్‌కు.

రెండు రోజులకు కూరగాయల బండి దగ్గర పక్క క్వార్టర్ ఆమె కలిసింది. ఆమె భర్తదీ, మా ఆయనదీ ఒకే జట్టు.

"అక్కా, మీ కోడికూరల ఏమేస్తవు? మా ఆయన రోజు గదే ముచ్చట. నువ్వు అట్ల ఎందుకు వండవు అని నన్ను సంపుతుండు."

చేతిలో వంకాయ అలాగే ఉండిపోయింది. "రోజు తింటడా?" అని అడిగాను.

"అందరు తింటరు గదా. డబ్బలన్ని ఒక్కకాడ పెట్టుకొనే గదా తినేది."

నాకు తెలియని సంగతి కాదు అది. పెళ్లయినప్పటి నుంచీ తెలుసు. బాయిలో డబ్బాలు మధ్యలో పెట్టి ఎవరి చెయ్యి ఎవరి డబ్బాలోనైనా పెడతారు. కానీ ఇన్ని రోజులు ముక్కలు తూచిన నా బుర్రకు ఆ ఏడుగురి చేతులు ఎందుకు తట్టలేదో! మూడు గుడ్లను ఏడుగురు పంచుకుంటే ఆయన వంతు ఎంత? నా నలభై అయిదు గ్రాములు తలా ఇంత పోయి, ఆయన వాళ్ల పచ్చిపులుసు, వాళ్ల అన్నం తిని పైకొస్తున్నాడు.

షిఫ్టు దిగి ఇంటికి రాగానే అడిగాను. కాదనలేదు.

"మరి ఏం జేయమంటవ్? బాయిల అటు తిరిగి ఒక్కన్నే కూసోని తినాల్నా? నీ లెక్క కోసం మనుసులను దూరం పెట్టాల్నా?"

"నా లెక్కనా? మోకాళ్లు ఎవలయి? నావా?"

"మెల్లగ మాట్లాడు."

మెల్లగా మాట్లాడటం నాకెప్పుడు చేతనయింది గనుక. ఆ కోపంలో పక్క క్వార్టర్ ఆమె దగ్గరికి వెళ్లి అంతా కక్కేశాను. మోకాళ్లు మడతపడటం, బూటు లేసు అబద్ధం, కుర్చీ, మెడికల్, గుడ్లు, అన్నీ. ఆమె కళ్లు పెద్దవి చేసుకుని విన్నది. ఇంటికొచ్చాక గానీ నేనేం చేశానో నాకు అర్థం కాలేదు.

మర్నాడు ఆయన వచ్చి డబ్బా గట్టు మీద పెట్టాడు. కాళ్లు కడుక్కోలేదు. అలాగే నిలబడ్డాడు.

"చెప్పినవ్ గదా," అన్నాడు.

నేను గట్టు మీది డబ్బా తీసి కడగబోయాను.

"ఆరుగురు ఆరు గుడ్లు తెచ్చిండ్రు. నా ముంగట పెట్టిండ్రు. తినన్నా, తినన్నా అన్నరు."

"తిన్నవా?"

"తిన్న. ఇరవై రెండేండ్లల్ల నా డబ్బల ఒక్కడు గూడ చెయ్యి పెట్టనిది ఇయ్యాలనే."

మెడికల్‌లో నెగ్గాడు, ఆ సంగతి ఇక్కడే చెప్పేస్తున్నాను. ఆ రోజు నుంచి వాళ్లు ఆయన డబ్బా జోలికి రాలేదు, ఆయన నలభై అయిదూ ఆయనే తిన్నాడు. నెలన్నర తర్వాత కుర్చీలోంచి అయిదుసార్లూ లేచాడు. ఫిట్ అని రాసిచ్చారు. కానీ నాకు గుర్తుండిపోయింది ఆ కాగితం కాదు, ఆ ఆరు గుడ్ల రోజు సాయంత్రం.

అయిదింటికి అన్నం పెట్టాను. చేప ముక్కలు కాటా మీద తూచి, అన్నం కొలిచి, పెరుగు గిన్నె పక్కన పెట్టాను. నేనెప్పుడూ రాత్రి ఎనిమిదింటికి తింటాను, ఆయన పూట ముగిశాక ఎప్పుడో. ఆయన కంచం ముందు కూర్చున్నాడు గానీ చెయ్యి కదపలేదు. ముక్క వైపే చూస్తున్నాడు. పని లేకపోయినా నేను వంటింట్లోకి వెళ్లాను, వచ్చాను, మళ్లీ వెళ్లాను. చేపను తూచినప్పుడు వచ్చిన అంకె నా తలలోనే ఉంది. నూట డెబ్బై. ముప్పై అయిదు గ్రాముల ప్రోటీన్. ఒక్క ముక్క తగ్గినా ఏడు పోతాయి.

వచ్చి ఆయనకెదురుగా కింద కూర్చున్నాను. ఆయన కంచంలో చెయ్యి పెట్టి, అన్నిటికంటే పెద్ద ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాను.

ఆయన నా వైపు చూశాడు. తర్వాత కంచం కొంచెం నా వైపు జరిపి, అన్నం కలపడం మొదలుపెట్టాడు.