అమలమ్మ అడిగిన దూరం

మా దివిసీమలో అమలమ్మను ఎరగని రైతు లేడు. నాట్ల ముఠాకు పెద్ద. ఆమె ముఠా దిగిన మడిలో వరుస వంకర పోయేది కాదు. ముగ్గురు బిడ్డల్ని పెంచి స్థిరపరిచింది. అరవై దాటాయి. ఒక్కటే విచిత్రం: గాలి లేస్తే ఇంటి తలుపు వేయనివ్వదు. ఎంత వాన కొట్టినా గుమ్మంలో కూర్చుని బయటికి చూస్తుంటుంది.

నేను చదివింది ఊరి బడిలో ఐదో తరగతే. అయినా నీటి సంఘానికి రెండుసార్లు అధ్యక్షుణ్ణి. మురుగు కాలువ తవ్వించాను, కరకట్ట ఎత్తు చేయించాను, సర్వేయర్ల వెంట గొలుసు పట్టి తిరిగి ఎన్నో గట్టు తగాదాలు తీర్చాను. పటం చూడాలంటే నా దగ్గరికే వస్తారు. పోయిన అక్టోబరులో అమలమ్మ కూడా అలాగే వచ్చింది. వెంట మనవరాలు హెలెన్, చేతిలో పాత గ్రామ పటం నకలు.

"బసవపున్నయ్యగారండీ, మన చర్చి గుడి కాణ్ణుంచి పాతదిబ్బ ఎంత దూరమో చెప్పండి" అంది.

పాతదిబ్బ ఆమె పుట్టిన పల్లె. డెబ్బయ్యేడు ఉప్పెనలో కొట్టుకుపోయింది. ఇప్పుడక్కడ అన్నీ రొయ్యల చెరువులే.

"సమాధుల పండక్కి కొవ్వొత్తి పెట్టొద్దామనా? మోకాళ్లతో ఎక్కడ నడుస్తావు?"

"ముందు దూరం చెప్పండి."

పటం మూల రాసి ఉంది: పదహారంగుళాలు ఒక మైలు. స్కేలు పెట్టాను. గుడి నుంచి ఆగ్నేయంగా దిబ్బకు ఎనిమిదంగుళాలు.

"అరమైలు. పది నిమిషాల నడక. భయం లేదు" అన్నాను.

అమలమ్మ ముఖం పాలిపోయింది. అరుగు మీద కూలబడింది.

"పది నిమిషాలేనా..."

హెలెన్ నీళ్లు అందించింది. ఆమె తాగలేదు. పటం మీది నుంచి కళ్లు తీయకుండా చెప్పింది. ఉప్పెన రోజు వాళ్లమ్మ, చిన్న చెల్లి రూతును తీసుకుని గుడికి పొమ్మంది. రూతు నిద్రపోతోంది. లేచాక వచ్చి తీసుకెళ్తానని తనొక్కతే వచ్చేసింది. గుడిలో ఉండగా గాలి ముదిరింది. తలుపులు వేశారు. అందరూ జపమాల మొదలుపెట్టారు. అది ముగిసేలోపే నీళ్లొచ్చాయి.

"ఆ జపమాల సేపట్లో పోయి తేగలిగేదాన్నా, లేదా? ఇన్నేళ్లుగా అదొక్కటే. కొందరు దగ్గరంటారు, కొందరు దూరమంటారు. గుర్తు పట్టడానికి అక్కడ చెట్టు కూడా మిగల్లేదాయె. పటం అబద్ధం చెప్పదన్నారు."

హెలెన్ పటం మీదికి వంగింది.

"తాతయ్యగారూ, అసలు పటం ఇంతకు రెండింతలుందండీ. గవర్నర్‌పేటలో జిరాక్స్ వాడు కాగితంలో పట్టదని సగానికి తగ్గించాడు."

అడుగున గళ్లు గళ్లుగా గీసిన కొలత గీత చూశాను. ఒక్కో గడి ఒక ఫర్లాంగు, అంటే మైలులో ఎనిమిదో వంతు. స్కేలు పెడితే గడికి అంగుళమే వచ్చింది. అసలు పటంలో రెండంగుళాలు రావాలి. రాసిన మాట మారలేదు గానీ, గీత మాత్రం పటంతోపాటే కుంచించుకుపోయింది. అంటే నేను అరమైలన్నది మైలు.

"అదీ పక్షిలా తిన్నగా ఎగిరిపోతే. నువ్వు ఏ దారిన ఇంటికి పోయేదానివి?"

"కాలవ గట్టున తిన్నగా దక్షిణం, తూము కాడ మళ్లి మురుగు కాలవ గట్టున తూర్పు."

దారం తీసి ఆ దారి వెంట పరిచాను. దక్షిణానికి ఆరున్నర అంగుళాలు, తూర్పుకు ఐదుకు కాస్త తక్కువ. దారాన్ని కొలత గీత పక్కన పెట్టాం. పదకొండు ఫర్లాంగులు దాటింది.

"మైలున్నరకు కొంచెం తక్కువ. పోను అంత, రాను అంత. తూర్పు నడకంతా గాలికి ఎదురు. నువ్వు వెనక్కి వచ్చేదానివి కాదమ్మా."

"నిజమేనాండీ? నన్ను ఊరడించడానికి కాదుగా?"

"నువ్వే పట్టి చూడు."

దారం చేతిలోకి తీసుకుని గడి గడికీ ఆనించి చూసుకుంది. రెండోసారి కూడా చూసింది. ఏడవలేదు. "మరి అది నిద్ర లేచి ఎంతసేపు చూసుంటదో" అని మాత్రం అంది.

పండగ నాడు ముగ్గురం ఆ దారినే నడిచాం. తూము దాటాక అమలమ్మ మా ఇద్దరికన్నా ముందు పోయింది. రెండు చెరువుల మధ్య మిగిలిన దిబ్బ మీద కొవ్వొత్తి వెలిగిస్తే గాలికి ఆరిపోయింది. మళ్లీ వెలిగించింది. మళ్లీ ఆరింది.

"చాలు, ఇంటికి పోదాం రా" అంది.

హెలెన్ లేవబోయింది. నేను చెయ్యి పట్టి ఆపాను. అమలమ్మ చూపు మా వైపు లేదు.

తిరిగి వచ్చేటప్పుడు గట్టున ఒక పక్కకు ఒదిగి, చిన్నపిల్ల అడుగులకు తగ్గట్టు నెమ్మదిగా నడిచింది. ఎడమ చెయ్యి గుడి దాకా కిందికి చాచే ఉంచింది.